నాన్న నోట అఫ్రియే పేరు

మా తమ్ముడు అసియామా మాట తక్కువ మనిషి. మా ఊరు తెపా నుంచి కుమాసీ పట్నానికి వ్యాను నడుపుతాడు. ప్రయాణికులు ఎంత గోల చేసినా, పోలీసువాడు ఎంత సతాయించినా తల ఊపి ఊరుకుంటాడు. వాడికి నోట్లో నాలుక లేదని స్టాండులో అందరూ అనుకుంటారు. వాళ్ళకేం తెలుసు? నాకు కోపం వస్తే అప్పటికప్పుడు నాలుగు తిట్టి, మళ్ళీ నేను అమ్ముకునే మొక్కజొన్న గంజి కలుపుకుంటూ కూర్చుంటాను. గంజి పొంగేలోగా మరిచిపోతాను కూడా. వాడు అలా కాదు. వాడు కోపాన్ని ఎండు చేపలా పొగలో ఆరబెట్టి దాచుకుంటాడు, ఎన్నేళ్ళయినా చెడదు.

వాడి వ్యాను వెనక తలుపు మీద గీకేసిన మచ్చ ఒకటి ఉంది. ఇక్కడ బండి కొన్నవాడు వెనక ఏదో ఒక మాట రాయించుకుంటాడు కదా, దేవుడి పేరో, పెళ్ళాం మీద కోపమో. వాడు రాయించుకున్నది ఒకటే మాట, అఫ్రియే. మా నాన్న అదోమాకో అది చూసి, ఇంటి ముందే బండి ఆపించి, ఇనుప బ్రష్షు ఇచ్చి వాడి చేతే గీకించాడు. వాడు నోరెత్తకుండా గీకాడు. కానీ లోతుగా గీకలేదు. వాన పడి తలుపు తడిస్తే ఇప్పటికీ ఆ అక్షరాలు లేచి కనపడతాయి.

అఫ్రియే మా మేనత్త. నాన్నకు స్వయానా చెల్లెలు. మా అమ్మ పోయేనాటికి వాడు పాకుతున్నాడు, నేను నీళ్ళబిందె ఎత్తలేనంత చిన్నదాన్ని. మమ్మల్ని పెంచింది అత్తే. ఉడికించిన అరటికాయలో తన వంతు ముక్క వాడి నోట్లో పెట్టి తను పులుసు తాగి పడుకునేది. మా నాయనమ్మ పొకువా చనిపోతూ కోకో తోటను అత్తకు అప్పగించింది. అదే అత్త కొంప ముంచింది.

ఒక వానకాలం మా చిన్నత్త కొనాదు పిల్లలిద్దరూ జ్వరంతో పోయారు. ఇల్లంతా ఏడుస్తుంటే నాన్న ఎక్కణ్ణుంచో తెల్ల అంగీ ప్రవక్త ఒకణ్ణి పట్టుకొచ్చాడు. అతను వాకిలంతా తిరిగి, గంట మోగించి, అత్త గుమ్మం దగ్గర ఆగాడు. పిల్లల్ని తిన్నది ఈవిడే, మంత్రగత్తె అన్నాడు. ఆ మధ్యాహ్నమే అత్తకు గుండు గీసి, స్నానాల గది పక్కన మురికి నీళ్ళు పోయే దొడ్డి గుమ్మంలోంచి వెళ్ళగొట్టారు. తమ్ముడు అత్త వెనకాలే పరుగెత్తితే నాన్న చొక్కా పట్టి లాగి, "ఇకనుంచీ దాని పేరు ఈ ఇంట్లో ఎవరి నోటా రాకూడదు" అన్నాడు. కొద్ది రోజులకే కోకో తోట నాన్న చేతికొచ్చింది. అత్త గదిలో నాన్న మంచం పడింది. ఇంతకంటే నేను విడమరచి చెప్పాలా?

అత్త తానో అనే నది అవతల ఒక పొలం గుడిసెలో బతికింది. వాడు వ్యాను కొన్నాక ఉప్పూ సబ్బూ పట్టుకుని వెళ్ళి వస్తుండేవాడు. నిజానికి మేముంటున్న ఇల్లు నాన్న వాళ్ళ అమ్మ వంశానిది, అందులో నాన్నకెంత హక్కుందో అత్తకూ అంతే ఉంది. అయినా ఆ మాట పెద్దల ముందు ఎత్తే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. మంత్రగత్తె అన్న మాట ఒకసారి పడ్డాక, పక్కన నిలబడిన వాళ్ళకీ అంటుకుంటుంది.

వాడి భార్య సర్పోమాకు చాలాకాలం పిల్లలు కలగలేదు. చివరికి ఈ ఏడు ఒక శుక్రవారం ఆడపిల్ల పుట్టింది. శుక్రవారం పుట్టిన ఆడపిల్ల ఎవరైనా అఫియానే, ఆ పేరు దేవుడు రోజుతో పాటే ఇచ్చి పంపిస్తాడు. రెండో పేరే అసలు పేరు. దాన్ని ఇచ్చే హక్కు తండ్రిది. ఎనిమిదో రోజు తెల్లారుజామున, తండ్రి తరఫు పెద్ద ఒకరు పాపను ఒళ్ళో పెట్టుకుని, నాలుక మీద నీటిచుక్క వేసి, ఆ పేరు ఎవరిదో, దాని అర్థమేమిటో, ఇంటివాళ్ళు ఆ బిడ్డ మీద ఏమేం ఆశలు పెట్టుకున్నారో చెప్పాలి. అంతవరకూ పాప అతిథే. ఉంటుందో, వచ్చిన దారినే పోతుందో తెలియని అతిథి.

ఆ ప్రసంగానికి మా పేటలో మా నాన్నను మించినవాడు లేడు. ఇష్టం లేకపోయినా ఒప్పుకుంటున్నాను. ఆయన బిడ్డ పేరు గురించి చెబుతుంటే మగవాళ్ళు కూడా ఏడ్చి ముక్కు చీదుకుంటారు. కొడుక్కి బిడ్డ పుట్టిందనగానే కొత్త పంచె కట్టుకుని ఊరంతా తిరిగి వచ్చాడు.

"మా అమ్మ మళ్ళీ వచ్చింది. పొకువా వచ్చింది. శుక్రవారం పొద్దున్నే రండి, చూద్దురుగాని" అని కనపడ్డవాడికల్లా చెప్పాడు.

నేను వాణ్ణి పక్కకు పిలిచి అడిగాను. "పొకువా అని నువ్వు చెప్పావురా?"

"లేదక్కా."

"మరి ఆయన ఊరంతా చాటుతున్నాడు!"

"ఆయన నన్ను అడగలేదు" అన్నాడు.

వాడి కళ్ళలోకి చూశాను. నాకు ఒళ్ళు జలదరించింది. సంతోషంతోనే జలదరించింది, దాచుకోవడం ఎందుకు? "నాకేం పని చెబుతావురా?" అన్నాను.

"గంజి మానేసి ఆ పొద్దున ఇంట్లో ఉండు. వీధి గుమ్మం గడియ తీసి ఉంచు. అంతే."

శుక్రవారం ఇంకా వెలుగు రాకముందే వాకిలి నిండిపోయింది. సర్పోమా తరఫువాళ్ళు ఒక పక్క, మా నాన్న తరఫువాళ్ళు ఒక పక్క బల్లల మీద కూర్చున్నారు. కొనాదత్త అందరికంటే వెనక, స్తంభానికి ఆనుకుని కూర్చుంది. పిల్లలు పోయినప్పటి నుంచి ఆవిడ ఏ బారసాలలోనూ ముందు వరసలో కూర్చోదు. మధ్యలో చిన్న ముక్కాలిపీట మీద రెండు గ్లాసులు, ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో జిన్ను సారా. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. కిటుకంతా అక్కడే ఉంది.

మా సభల్లో పెద్దలు నేరుగా మాట్లాడుకోరు, మాటపెద్ద ఒకడు మధ్యలో నిలబడి అటు మాట ఇటు అందిస్తాడు. ఆ రోజు మాటపెద్ద తావియా. ఈయన నాన్నకు బాల్యస్నేహితుడు, అయినా మాట మీద నిలబడే మనిషి. జిన్ను నేల మీద వొంపుతూ భూమితల్లినీ, పోయిన పెద్దల్నీ పిలిచాడు. తర్వాత మా వైపు తిరిగాడు.

"అతిథి వచ్చి ఎనిమిది రోజులైంది. వెళ్ళిపోలేదు, మనతోనే ఉంటానంటోంది. ఉండేవాళ్ళకి పేరు కావాలి. అసియామా, ఏం పేరు తెచ్చావు నాయనా?"

వాడు నోరు తెరిచేలోగా నాన్న చెయ్యి ఊపాడు. "మా అమ్మ పేరు నాకు ఒకడు చెప్పాలటయ్యా? ముందు పాపను ఇలా ఇవ్వండి."

పొరపాటు అక్కడ చేశాడు. పేరు విన్నాకే పాపను ఒళ్ళోకి తీసుకోవాలి. వాకిట్లో ఎందరో బిడ్డలకు నీటిచుక్క వేసిన మనిషికి అది తెలియదా? తెలుసు. కానీ తన తల్లి పేరు తన నోటితో చెప్పుకోవాలన్న తొందరలో ఒళ్ళు మరిచాడు. ఒకసారి బట్టలు విప్పి ఒళ్ళో పడుకోబెట్టాక, పేరు పడకుండా ఆ బిడ్డను ఎత్తకూడదు. ఎత్తితే పొమ్మన్నట్టే. ఏ తాతా ఆ పని చెయ్యడు, చేసినవాడి నీడలో ఎవరూ నిలబడరు.

సర్పోమా పాప బట్టలు విప్పి తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టి వెనక్కి జరిగింది. నాన్న వేలు నీళ్ళలో ముంచాడు. అప్పుడు అసియామా లేచి నిలబడ్డాడు.

"తావియా మామయ్యా, మా నాన్నకు చెప్పు. పాప పేరు అఫ్రియే. మా మేనత్త పేరు."

వాకిట్లో ఎవరో పట్టుకున్న పళ్ళెం చప్పుడు చేస్తూ కింద పడింది. నాన్న వేలు గ్లాసులోనే ఉండిపోయింది.

"ఏ అఫ్రియే?" అన్నాడు మాటపెద్ద వైపు చూడకుండానే.

"ఆ పేరుతో నీకున్నది ఒక్క చెల్లెలే నాన్నా."

నాన్న ముఖం మాడిపోయింది. పళ్ళు కొరుక్కుంటూ చుట్టూ చూశాడు. ఎవరైనా అడ్డుపడతారేమోనని చూశాడు. ఎవరూ పడలేదు.

"తావియా, నువ్వైనా చెప్పవయ్యా. వీడికి మతి పోయింది. ఇది పెట్టే పేరేనా?"

తావియా గడ్డం రుద్దుకున్నాడు. "పేరు ఇచ్చే హక్కు తండ్రిది అదోమాకో. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు. చెడ్డవాళ్ళ పేరు బిడ్డకు పెట్టకూడదు, అదీ తెలుసు. ఎవరి పేరు పెడితే వాళ్ళ గుణం వస్తుంది. ఆ మనిషిలో చెడు ఉందంటావా, ఏం చేసిందో ఈ వాకిట్లో చెప్పు, పేరు ఆగిపోతుంది. లేదంటావా, చుక్క వెయ్యి."

నాన్న నోరు తెరిచాడు. చెప్పేసేవాడే. అంతలో స్తంభం దగ్గరి నుంచి కొనాదత్త లేచి వచ్చింది. ఆవిడ అంత గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"చెప్పు అన్నయ్యా. నా పిల్లల్ని ఎవరు తిన్నారో మళ్ళీ చెప్పు. ఆరోజు ప్రవక్త చేత చెప్పించావు, ఇవాళ నీ నోటితో నువ్వే చెప్పు. అదిగో, పేరు లేని పసిగుడ్డు నీ ఒళ్ళో ఉంది. దాని కడుపు మీద చెయ్యి పెట్టి చెప్పు, నమ్ముతాను."

పాప కాళ్ళు ఆడించింది. నాన్న చెయ్యి పైకి లేచింది కానీ ఆ కడుపు మీదకు దిగలేదు. తాత చెయ్యి అది, అబద్ధం చెబుతూ ఆ బిడ్డను తాకడానికి దానికే భయం వేసింది. కక్కలేక మింగలేక కూర్చున్న ఆ మనిషిని చూస్తుంటే నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ కలగడం లేదు.

"చుక్క వెయ్యి నాన్నా, పాపకు చలేస్తోంది" అన్నాడు అసియామా. మెల్లగానే అన్నాడు.

నాన్న వేలు పాప నాలుక మీద ఆనించాడు. "అఫ్రియే" అన్నాడు. తర్వాత ఆనవాయితీ మాటలు అందుకున్నాడు.

"అఫియా అఫ్రియే, నువ్వు నీళ్ళని చెబితే, అవి నీళ్ళే కావాలి."

"అంతే!" అంది వాకిలి.

రెండో గ్లాసులో వేలు ముంచాడు. "అఫ్రియే, నువ్వు జిన్ను అని చెబితే, అది జిన్నే కావాలి. ఎవరికి భయపడీ ఒకదాన్ని ఇంకొకటి అనకూడదు."

"అంతే!"

ఇలా మూడుసార్లు వెయ్యాలి. ప్రతిసారీ పేరు పైకి చెప్పాలి. మూడోసారికి ఆయన గొంతు బొత్తిగా దిగిపోయింది, పెదవులు కదిలాయి కానీ మాట ముందు వరస దాటలేదు.

అప్పుడు వీధి గుమ్మం బయట ఆగి ఉన్న వ్యానులోంచి ఆడగొంతు ఒకటి వినిపించింది. ముసలి గొంతు, అయినా ఖణేల్‌మంది.

"ఇక్కడికి వినపడలేదు అన్నయ్యా. ఇంకోసారి చెప్పు."

నేను వెళ్ళి గుమ్మం తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి పెట్టాను. నాన్న తలుపు వైపు చూడలేదు. కళ్ళు మూసుకుని, పెద్దగా, దాదాపు అరిచినట్టుగా "అఫ్రియే!" అన్నాడు.

"అంతే!" అన్నాను నేను, అందరికంటే ముందు.

"ఇప్పుడు పేరు గురించి చెప్పాలి" అని గుర్తుచేశాడు తావియా. "ఎవరిదో, ఏమిటో, మీ ఆశలేమిటో. మామూలుగా నువ్వు చెప్పేదే కదా."

అది నాన్న జీవితంలో చేసిన ప్రసంగాలన్నిటిలోకీ పొట్టిది. నాకు ప్రతి మాటా గుర్తుంది.

"ఈ పేరు మా చెల్లెలిది" అన్నాడు. "అఫ్రియే అంటే మంచి కాలంలో వచ్చినది అని. మా నాన్న వేసిన కోకో తోట మొదటిసారి కాపు కాసిన ఏడు అది పుట్టింది. అందుకని ఆ పేరు పెట్టారు. మా అమ్మ మంచానపడితే ఆవిణ్ణి ఎత్తి స్నానం చేయించింది అదే. నా పెళ్ళాం పోతే నా పిల్లల్ని పెంచింది అదే. తను తినకుండా పెట్టింది." అక్కడ ఆగి పాప మీద గుడ్డ కప్పాడు. "దాని మీద చెడ్డమాట ఒకటి పడింది. ఆ మాట నిజం కాదు. నిజమైతే ఈ పేరు నేను ఈ బిడ్డ నాలుక మీద పెట్టేవాణ్ణి కాదు."

కొనాదత్త కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే కూలబడింది.

నాన్న ఇక అలవాటైన దారిలో పడ్డాడు. ఆశలు చెప్పడం ఆయనకు నిద్రలో కూడా వస్తుంది. "మా ఆశలు ఇవి. అఫ్రియే పదిమందికి పెట్టే చెయ్యి కావాలి. కష్టం చేసుకుని తినాలి. పెద్దలు పిలిస్తే రావాలి, అబద్ధానికి తల వంచకూడదు. తలనెరిసే దాకా బతకాలి. అఫ్రియే ఈ ఇంటి బిడ్డ, ఈ ఇల్లు దానిది. దాన్ని ఎవరూ ఈ గుమ్మంలోంచి పొమ్మనకూడదు. ఎప్పటికీ ఇక్కడే ఉండాలి."

"అంతే!" అంది వాకిలంతా ఒక్క గొంతుతో.

ఆ ఆశలు ప్రతి బారసాలలోనూ చెప్పేవే. ఎవరికి చెబుతున్నాడో తలుచుకోకుండా చెప్పేశాడు. ఎవరి పేరు పెడితే ఆ మనిషీ బిడ్డా ఒకటే అని మేం నమ్ముతాం. ఒకరికి చేసిన దీవెన రెండో వాళ్ళకూ చెందుతుంది. బిడ్డను తిడితే ఆ పెద్దను తిట్టినట్టే. అందుకే అటువంటి పిల్లల్ని మేం కొట్టం, పేరు పెట్టి పిలవం, అమ్మా అనో అత్తా అనో గౌరవంగా పిలుస్తాం.

"ఎవరి పేరు పెట్టామో ఆ మనిషి బతికుంటే బిడ్డను ఆవిడ చేతికివ్వాలి" అన్నాడు తావియా. "ఉన్నట్టుంది కదా?"

అత్త వచ్చింది. వీధి గుమ్మంలోంచే వచ్చింది. తెల్లటి బట్ట కట్టుకుంది, నెరిసిన జుట్టు ఒత్తుగా పెరిగింది, తలకు గుడ్డ చుట్టుకోలేదు. గుండు చేసిన తలను అందరూ చూశారు కదా, ఇప్పుడు ఈ జుట్టూ చూడమని అలా వచ్చిందనిపించింది. అసియామా చెయ్యి అందించబోతే వద్దని, మెల్లగా నడిచి వచ్చి నాన్న ముందు నిలబడింది.

నాన్న పాపను రెండు చేతులా అందించాడు. అత్త పాపను భుజాన వేసుకుని గ్లాసు అందుకుంది. మిగిలిన జిన్నులో అందరూ ఒక్కో గుక్క తాగి, పాప పేరు పలికి, పళ్ళెంలో కానుక వెయ్యాలి. ఎవరి పేరు పెట్టారో ఆ మనిషి మొదట తాగాలి. అత్త తాగి, గ్లాసును నాన్న నోటి దగ్గర పెట్టింది.

"తాగు. తాగి పిలువు. ఇకనుంచీ దీన్ని ఏమని పిలుస్తావు?"

నాన్న తాగాడు. "అత్తా" అన్నాడు పాపను చూస్తూ.

"గట్టిగా."

"అత్తా!"

ఆ తర్వాత వాకిట్లో ఒక్కొక్కరూ వచ్చి తాగి ఆ పేరు పలికారు. ఆనాడు అత్తను కర్రలతో తరిమిన ఆడవాళ్ళు కూడా ఇద్దరు ఉన్నారు, వాళ్ళూ వచ్చారు. అత్త వాళ్ళ ముఖాల్లోకి చూస్తూ నిలబడింది. గొణిగినవాళ్ళ చేత మళ్ళీ అనిపించింది. సూర్యుడు పైకి వచ్చేసరికి, ఎన్నో ఏళ్ళుగా ఎవరూ పలకని పేరు ఆ వాకిట్లో పలకని నోరు లేదు.

గుడ్లు పెట్టి, పామాయిల్‌తో మెదిపిన కందముద్ద పంచారు. అత్త తావియా పక్కన కుర్చీలో కూర్చుని నిదానంగా తింది. నాకు కడుపు నిండిపోయింది, ఇక అసియామా వచ్చి ఆవిణ్ణి తిరిగి గుడిసెకు తీసుకెళతాడు అనుకున్నాను. వాడూ అదే అనుకున్నట్టున్నాడు, తాళాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. వాడు కోరుకున్నది నాన్న నోట ఆ పేరు వినడం వరకే.

"వెళదామా అత్తా?" అన్నాడు.

"ఎక్కడికిరా?"

"అవతలికి."

అత్త చెయ్యి కడుక్కుంది. "అఫ్రియే ఈ ఇల్లు వదిలి పోకూడదని ఇందాక మీ నాన్నే చెప్పాడు. వాకిలంతా సరేనంది. పాపకు ఇంకా కాళ్ళు రాలేదు, అది ఎటూ పోదు. ఆ మాట నాకే అన్నట్టుంది." తర్వాత నాన్న వైపు తిరిగి, "కాదా అన్నయ్యా?" అంది.

నాన్న తావియా వైపు చూశాడు. తావియా గ్లాసులు ముక్కాలిపీట మీద బోర్లించి పెట్టాడు. అంటే అక్కడ అన్న మాట మార్చడానికి లేదని.

"కాదనను" అన్నాడు నాన్న.

"అయితే నా గదిలోంచి నీ మంచం తీయించు" అంది అత్త. "అసియామా, నా మూట వెనక సీటు కింద ఉంది, పట్టుకురా."